మెకానమ్ చక్రాలు: పక్కకు నడిపితే లెక్క ఎక్కడ తప్పుతుంది

నాలుగు మెకానమ్ చక్రాలున్న ఒక రోబోను సరిగ్గా 2 మీటర్లు ఎడమకు జరగమన్నారు అనుకుందాం. చక్రాలు ఎంత తిరగాలో అంతే తిరిగాయి, చక్రాల తిరుగుడును కొలిచే నాలుగు ఎన్‌కోడర్లూ ఆ మాటే చెబుతున్నాయి. టేపు పెట్టి కొలిస్తే మాత్రం ఎడమకు జరిగింది 1.94 మీటర్లే. పైగా 16 సెంటీమీటర్లు ముందుకు కూడా వచ్చేసింది, ముక్కు 9.5 డిగ్రీలు కుడికి తిరిగింది. ఇలాంటప్పుడు అందరూ ముందుగా ప్రోగ్రామ్‌లో తప్పు వెతుకుతారు, ప్లస్సులూ మైనస్సులూ మార్చి చూస్తారు. నిజానికి ఆ సూత్రాల్లో ఏ తప్పూ లేకపోయినా ఇలా జరుగుతుంది. ఎందుకు జరుగుతుందో, ఎన్‌కోడర్లు దాన్ని ఎందుకు పట్టుకోలేవో తెలియాలంటే ఒక్క చక్రం నేలను ఎలా తాకుతుందో చూడడం దగ్గర మొదలుపెట్టాలి.

స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ ఇలాన్ రూపొందించిన ఈ చక్రానికి 1975లో అమెరికా పేటెంట్ వచ్చింది. చక్రం అంచు చుట్టూ మధ్యలో ఉబ్బి చివర్లు సన్నబడిన చిన్న రోలర్లు వరసగా ఉంటాయి. ఒక్కో రోలర్ ఇరుసు, చక్రం ఇరుసుకు 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటుంది. మోటారు తిప్పేది చక్రాన్ని మాత్రమే. రోలర్‌ను ఎవరూ తిప్పరు, దాని దారిన అది తిరుగుతుంది.

సంగతంతా ఇక్కడే ఉంది. రోలర్ తన ఇరుసు చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంది కాబట్టి ఆ తిరిగే దిశలో నేల దాన్ని పట్టుకోలేదు. నేల పట్టు దొరికేది రోలర్ ఇరుసు పొడవునా ఉన్న ఒకే ఒక్క దిశలో. మామూలు చక్రం ముందుకూ పట్టు ఇస్తుంది, పక్కకు జారకుండా కూడా ఆపుతుంది. మెకానమ్ చక్రం ఆ రెండింటి మధ్య ఏటవాలుగా ఒక్క దిశలోనే పట్టు ఇచ్చి, దానికి అడ్డంగా ఉన్న దిశను వదిలేస్తుంది. అందుకే ఒక్కో చక్రానికి ఒకే ఒక్క సమీకరణం వస్తుంది: నేలను తాకే చోట, రోలర్ ఇరుసు పొడవునా కదలిక సున్నా.

ముందుకు వెళ్లే వేగం vx, ఎడమకు వెళ్లే వేగం vy, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగే వేగం wz అనుకుందాం. చక్రం వ్యాసార్ధం r. రోబో మధ్య నుంచి చక్రం ముందుకు ఉన్న దూరం lx, పక్కకు ఉన్న దూరం ly, ఈ రెండింటి మొత్తం L. fl అంటే ముందు ఎడమ చక్రం, fr ముందు కుడి, rl వెనక ఎడమ, rr వెనక కుడి; వాటి ముందున్న w ఆ చక్రం తిరిగే వేగం. అప్పుడు ఆ ఒక్క షరతు నాలుగు చక్రాలకూ ఇలా రాసుకోవచ్చు:

```
r*w_fl = vx - vy - L*wz
r*w_fr = vx + vy + L*wz
r*w_rl = vx + vy - L*wz
r*w_rr = vx - vy + L*wz
```

ఎడమకు మాత్రమే వెళ్లాలంటే vx, wz రెండూ సున్నా. అప్పుడు ముందు ఎడమ, వెనక కుడి చక్రాలు వెనక్కి తిరగాలి. ముందు కుడి, వెనక ఎడమ చక్రాలు ముందుకు తిరగాలి. నాలుగు చక్రాలూ ఏటవాలుగా తోస్తాయి. ముందుకూ వెనక్కూ తోసే భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఎడమకు తోసే భాగాలు కలిసిపోతాయి.

ఇందులో L అనేది lx, ly కూడికగా ఎందుకొచ్చిందో కూడా చూడాలి, ఎందుకంటే చక్రాలు బిగించేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. పైనుంచి చూస్తే నాలుగు చక్రాల పై రోలర్లు ఇంటూ గుర్తులా, నాలుగు గీతలూ మధ్యకు చూస్తున్నట్టు కనిపించాలి. చక్రం పైన కనిపించే రోలర్, కింద నేలను తాకే రోలర్ ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఎదురు వాలుగా ఉంటాయి. కాబట్టి పైన ఇంటూ గుర్తు కనిపిస్తే నేల మీద వజ్రం ఆకారం ఏర్పడుతుంది. ఆ అమరికలో ప్రతి చక్రం తోపూ రోబో మధ్య నుంచి దూరంగా పోతుంది కాబట్టి రోబోను తిప్పే బలం నిండుగా దొరుకుతుంది. ఎడమ చక్రాలను కుడికి, కుడి చక్రాలను ఎడమకు మార్చి బిగిస్తే ఆ కూడిక కాస్తా lx - ly అనే తీసివేత అవుతుంది. రోబో చతురస్రంగా ఉంటే అది సున్నా. ముందుకూ పక్కకూ బాగానే నడుస్తుంది గానీ, ఉన్నచోట తిరగమంటే చక్రాలు తిరుగుతాయి, రోబో తిరగదు.

ఇక పక్క నడకను దగ్గరగా చూద్దాం. చక్రం వ్యాసార్ధం 50 మిల్లీమీటర్లు, రోలర్ వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 0.4 మీటర్లు అనుకుందాం. రోబో నేరుగా ముందుకు వెళ్తున్నప్పుడు చక్రం నిమిషానికి 76 చుట్లు తిరుగుతుంది. నేలను తాకే రోలర్ మాత్రం తన ఇరుసు మీద అసలు తిరగదు; మామూలు టైరు మీది రబ్బరు ముక్కలా పనిచేస్తుంది. అదే వేగంతో పక్కకు వెళ్తే చక్రం ఆ 76 చుట్లే తిరుగుతుంది గానీ, నేలను తాకే ప్రతి రోలరూ సెకనుకు 0.57 మీటర్ల ఉపరితల వేగంతో, అంటే నిమిషానికి 540 చుట్ల వేగంతో తిరగాలి. చక్రం ముందుకు తిరగడం, రోబో పక్కకు జరగడం అనే రెండు కదలికలూ లంబంగా కలిసి వర్గమూలం రెండు రెట్లవుతాయి, ఆ మొత్తాన్నీ రోలరే మింగాలి. పైగా కాసేపటి క్రితం వరకూ గాలిలో నిశ్చలంగా ఉన్న రోలర్ నేలను తాకీ తాకగానే ఆ వేగం అందుకోవాలి. అంతలోనే దాని వంతు అయిపోయి పక్క రోలర్ దిగుతుంది.

సూత్రాల్లో రోలర్‌కు ఘర్షణ లేదు. నిజం రోలర్‌కు ఉంటుంది. చిన్న చక్రాల్లో చాలావాటికి రోలర్ లోపల బేరింగ్ ఉండదు, ఒక సన్నని పిన్ను మీద ప్లాస్టిక్ బుష్ తిరుగుతుంటుంది. ముందుకు నడిచేటప్పుడు రోలర్ తిరగనే తిరగదు కాబట్టి ఆ ఘర్షణ కనిపించదు. పక్కకు నడిచేటప్పుడు నాలుగు చక్రాల రోలర్లూ కలిసి రోబోను వెనక్కి లాగుతుంటాయి. ముందుకు వెళ్తే సెంటీమీటరు తేడా రాని రోబో పక్కకు వెళ్తే తప్పడానికి అసలు కారణం ఇదే.

అయితే ఘర్షణ వల్ల రోబో నెమ్మదించాలి గానీ లెక్క ఎందుకు తప్పాలి? చక్రం వేగాన్ని కంట్రోలర్ పట్టి ఉంచుతుంది కదా అనిపిస్తుంది. రబ్బరు నేలను తోసే తీరులో దీనికి జవాబు ఉంది. బలం ఇవ్వాలంటే రబ్బరు సాగాలి. సాగిన రబ్బరు నేలను వదిలేటప్పుడు కొంచెం వెనక్కి జరుగుతుంది. కాబట్టి తోస్తున్న చక్రం తాను నడిచిన దూరం కన్నా ఎప్పుడూ కాస్త ఎక్కువే తిరుగుతుంది. కంటికి కనిపించే జారుడు కాదిది, కీచుమన్న శబ్దం కూడా రాదు. తోయాల్సిన బలం ఎంత పెరిగితే ఈ పాకుడు అంత పెరుగుతుంది, ఘర్షణ హద్దు దాటితే పూర్తిగా జారిపోతుంది. పక్క నడకలో రోలర్ల లాగుడును ఎదుర్కోవడానికి అదనపు బలం కావాలి. ఆ అదనపు బలం అదనపు పాకుడుతోనే వస్తుంది.

ఆ హద్దు కూడా మెకానమ్ చక్రానికి దగ్గర్లోనే ఉంటుంది. 12 కిలోల రోబోలో ఒక్కో చక్రం మీద 29.4 న్యూటన్ల బరువు పడుతుంది. ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే రోలర్ ఇరుసు వెంట 17.6 న్యూటన్ల వరకూ పట్టు దొరుకుతుంది. కానీ ఆ బలం 45 డిగ్రీల వాలులో ఉంది. ప్రయాణానికి ఉపయోగపడేది 12.5 న్యూటన్లే, మిగతా భాగం ఎదుటి చక్రంతో కొట్టుకుని పోతుంది. అంటే మామూలు చక్రం కన్నా దాదాపు 30 శాతం తక్కువ బలం దగ్గరే జారడం మొదలవుతుంది. నేల మీద కాస్త దుమ్ము ఉన్నా, నాలుగు చక్రాల్లో ఒకటి సరిగ్గా ఆనకపోయినా ఈ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. గట్టి ఫ్రేముకు నాలుగు చక్రాలు బిగిస్తే, నేల ఏ మాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా బరువంతా మూడు చక్రాల మీదే పడి నాలుగోది తేలిపోతుంది. స్టూలు కుంటడం లాంటిదే ఇది. అందుకే ముందు ఇరుసును మధ్యలో కీలు పెట్టి ఊగేలా చేయడం మంచి డిజైన్ అనిపించుకుంటుంది.

ఇప్పుడు ఎన్‌కోడర్ల వైపు వద్దాం. రోబో ఎక్కడుందో చక్రాల తిరుగుడు నుంచి లెక్కగట్టడమే డెడ్ రెకనింగ్. పైన ఉన్న నాలుగు సమీకరణాలనూ తిరగేస్తే ముందుకు జరిగిన దూరం dx, ఎడమకు జరిగిన దూరం dy, తిరిగిన కోణం dth ఇలా వస్తాయి:

```python
def odom_step(d, r, L):
    fl, fr, rl, rr = d   # ఈ విడతలో తిరిగిన రేడియన్లు
    dx  = r * ( fl + fr + rl + rr) / 4
    dy  = r * (-fl + fr + rl - rr) / 4
    dth = r * (-fl + fr - rl + rr) / (4 * L)
    e   = r * ( fl + fr - rl - rr) / 4
    return dx, dy, dth, e
```

చివర్లో ఉన్న `e` చాలా ప్రోగ్రాముల్లో కనిపించదు, ఉండి తీరాలి. చక్రాలు నాలుగు, కనుక్కోవాల్సినవి మూడే. కాబట్టి ఒక సమీకరణం మిగిలిపోతుంది. ఏ చక్రమూ జారకపోతే ముందు రెండు చక్రాల తిరుగుడు మొత్తం, వెనక రెండింటి మొత్తానికి సమానం కావాలి, `e` సున్నా రావాలి. రాలేదంటే ఆ నాలుగు తిరుగుళ్లూ ఒకేసారి నిజం కావడం అసాధ్యం, ఏదో ఒక చక్రం జారే ఉండాలి. ఖర్చు లేకుండా దొరికే సాక్ష్యమిది. అయితే ఏ చక్రం జారిందో మాత్రం చెప్పదు, ఎందుకంటే నాలుగు చక్రాలూ ఇందులో సమాన బరువుతోనే ఉన్నాయి. దీనికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. జారుడు జరిగితే `e` సున్నా కాకుండా ఉండాలన్న నియమం లేదు.

మొదట్లో చెప్పిన రోబోతోనే ఇది చూద్దాం. r 0.05 మీటర్లు, lx, ly ఒక్కోటి 0.15, కాబట్టి L 0.30. ఎడమకు 2 మీటర్లంటే ప్రతి చక్రం 40 రేడియన్లు, అంటే ఆరు చుట్లు దాటి కొంచెం తిరగాలి. ఎన్‌కోడర్లలో fl -40, fr +40, rl +40, rr -40 కనిపిస్తాయి. వీటిని ఫంక్షన్‌లో పెడితే `dy` 2.00, `dth` సున్నా, `e` సున్నా. అంతా పర్‌ఫెక్ట్‌గా ఉన్నట్టే కనిపిస్తుంది.

కానీ ఈ రోబో ముందు చక్రాల రోలర్లు కాస్త బిగుసుకున్నాయి. నేల మీది వెంట్రుకలు, దారపు పోగులు రోలర్ చివర్లలో చుట్టుకుంటే ఇలాగే అవుతుంది. పిన్ను స్క్రూ ఎక్కువ బిగించినా అంతే. ముందు వైపు లాగుడు ఎక్కువ కాబట్టి ముందు చక్రాలు ఎక్కువ పాకుతాయి. అవి తిరిగిన 40 రేడియన్లలో 38 మాత్రమే నేలకు అందాయి అనుకుందాం, అంటే 5 శాతం నష్టం. లెక్క తేలికవడానికి వెనక చక్రాలు అసలు జారలేదు అనుకుందాం. నేలకు నిజంగా అందినవి -38, +38, +40, -40. వీటితో లెక్కవేస్తే రోబో తన పక్క దిశలో నడిచింది 1.95 మీటర్లు, తిరిగింది -0.167 రేడియన్లు, అంటే కుడివైపుకు 9.5 డిగ్రీలు. ముందు భాగం వెనకబడింది కాబట్టి ముక్కు కుడికి తిరిగింది. ఈ నేలకు అందిన అంకెలతో చూసినా `e` సున్నాయే! ముందు రెండు చక్రాల నష్టాలు ఒకటి ప్లస్, ఒకటి మైనస్ కాబట్టి మొత్తంలో మాయమైపోయాయి.

తిరుగుతూ జరిగింది కాబట్టి దారి తిన్నగా కాక వంపుగా సాగింది. అందుకే గది కొలతల్లో చూస్తే ఎడమకు 1.94, ముందుకు 0.16 మీటర్లు. దూరంలో పోయింది ఆరు సెంటీమీటర్లే కదా అని వదిలేయడానికి లేదు. ఇప్పుడు రోబోను 3 మీటర్లు ముందుకు పంపండి, ఆ నడకలో ఏ చక్రమూ జారదనే అనుకుందాం. రోబో లెక్క ప్రకారం అది ముందుకు 3.00, ఎడమకు 2.00 దగ్గర ఉంది. నిజంగా ఉన్నది ముందుకు 3.12, ఎడమకు 1.44 దగ్గర. తేడా 57 సెంటీమీటర్లు. పక్కకు నడిచేటప్పుడు పడిన 17 సెంటీమీటర్ల తప్పు, ఏ తప్పూ లేని ముందు నడకలో మూడింతలు దాటింది. దిశ తప్పితే ఆ తర్వాత నడిచే ప్రతి మీటరూ దానికి వడ్డీ కడుతుంది.

దీన్నిబట్టి ముందు కాపాడుకోవాల్సింది దిశే అని తేలుతుంది. `dth` లెక్కను పక్కన పెట్టి గైరో చెప్పే దిశను వాడితే ఏమవుతుందో చూద్దాం. గైరో చక్రాలను నమ్ముకోదు. రోబో శరీరం తిరిగిందా లేదా అన్నదే చూస్తుంది. పై కథలో గైరో 9.5 డిగ్రీల తిరుగుడు చూపిస్తుంది. ఆ దిశతో అవే ఎన్‌కోడర్ అంకెలను మళ్లీ కూడితే రోబో తాను ముందుకు 3.12, ఎడమకు 1.49 దగ్గర ఉన్నానంటుంది. 57 సెంటీమీటర్ల తప్పు 5 సెంటీమీటర్లకు వచ్చింది. అంతకుమించి, ఎన్‌కోడర్ల `dth` సున్నా చూపిస్తుంటే గైరో 9.5 అంటోంది, ఈ తేడాయే `e` పట్టుకోలేని జారుడును పట్టిస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కనే గ్రాఫ్ గీసి చూడడం, కోడ్ మార్చడం కన్నా ముందు చేయాల్సిన పని.

మిగిలిన 5 సెంటీమీటర్లను గైరో ఏమీ చేయలేదు. నాలుగు చక్రాలూ సమానంగా 5 శాతం పాకితే రోబో తిరగదు, `e` సున్నా, గైరో సున్నా. ఎడమకు 2 మీటర్లనుకున్నది 1.90 అవుతుంది. రోబో మీదున్న ఎన్‌కోడర్లు గానీ గైరో గానీ ఆ సంగతి చెప్పవు. అభిరుచితో రోబోలు చేసేవాళ్ల కోడ్‌లో పక్క వేగాన్ని 1.1తో గుణించే లైను తరచుగా కనిపించేది దీన్ని సర్దడానికే. ఉపయోగపడుతుంది గానీ ఆ అంకెను ఎవరిదో చూసి రాసుకోకూడదు. నేల మీద రెండు టేపు గీతలు వేసి, ఒకే వేగంతో పదిసార్లు పక్కకు నడిపి కొలవాలి. పదిసార్లూ దాదాపు ఒకే నిష్పత్తి వస్తే అది సర్దదగ్గ తప్పు. అంకెలు చెల్లాచెదురుగా ఉంటే గుణకం ఏదైనా లాభం లేదు. తర్వాత వేగం మార్చి, బరువు పెంచి మళ్లీ కొలవాలి. పాకుడు తోపు బలం మీద ఆధారపడుతుంది కాబట్టి మెల్లగా నడిపినప్పుడు వచ్చిన గుణకం, గబుక్కున కదిలి గబుక్కున ఆగేటప్పుడు పనికిరాదు. కొలతకు ముందు ప్రతి రోలర్‌నూ వేలితో తిప్పి చూడండి. ఒకటి తక్కినవాటి కన్నా ముందే ఆగిపోతుంటే మొదట దాన్ని శుభ్రం చేయాలి.

సరైన మందు మాత్రం కొలిచే పనిని తోసే చక్రం నుంచి తీసేయడమే. అంచున రోలర్లు ఉండి పక్కకు కూడా దొర్లే, మోటారు లేని చిన్న ఓమ్ని చక్రాలను రోబో అడుగున, ఒకటి ముందు దిశలో, ఒకటి పక్క దిశలో పెట్టి, స్ప్రింగుతో నేలకు అదిమి, వాటికి ఎన్‌కోడర్ బిగిస్తారు. ఈ చక్రం దేన్నీ తోయదు. ఎన్‌కోడర్‌ను తిప్పేంత స్వల్ప బలం చాలు కాబట్టి పాకుడు కూడా అంతే స్వల్పం. స్ప్రింగు ఉన్నందువల్ల నేల ఎత్తుపల్లాల్లో కూడా తేలిపోదు. పెద్ద చక్రాలు ఎంత జారినా దీనికి పట్టదు. రోబో మధ్యలో కాక పక్కకు జరిపి పెడితే మాత్రం, రోబో తిరిగినప్పుడు అది కూడా కొంత దూరం నమోదు చేస్తుంది. గైరో దిశతో ఆ భాగాన్ని తీసేయాలి.

అలాంటి చక్రాలకు చోటు లేనప్పుడు కనీసం లెక్కకు తన బలహీనత తెలిసేలా చేయాలి. రోబో ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే ఆర్ఓఎస్‌లో `nav_msgs/Odometry` సందేశంలో `twist.covariance` అనే 36 అంకెల వరస ఉంటుంది; అంకె ఎంత పెద్దదైతే ఆ వేగం లెక్కను అంత తక్కువ నమ్మాలని అర్థం. అందులో 0వ స్థానం ముందు వేగానిది, 7వది పక్క వేగానిది, 35వది తిరిగే వేగానిది. ఈ మూడు చోట్లా ఒకే అంకె పెట్టేయడం మామూలుగా జరిగే పని. అలా పెడితే, పక్క నడకను కూడా ముందు నడకంతగా నమ్మమని, అన్ని సెన్సార్ల మాటలనూ కలిపి స్థానం లెక్కగట్టే ఫిల్టర్‌కు చెప్పినట్టే. టేపుతో కొలిచినప్పుడు పక్క నడక అంకెలు ఎంత చెదిరాయో దాన్నిబట్టి 7వ స్థానంలో పెద్ద అంకె పెట్టాలి. `e` పెరిగినప్పుడల్లా, గైరోకూ చక్రాల `dth`కూ మధ్య తేడా పెరిగినప్పుడల్లా మూడింటినీ ఇంకా పెంచాలి. అప్పుడు లేజర్ స్కానరో కెమెరాయో గోడను చూసి వేరే స్థానం చెప్పినప్పుడు ఫిల్టర్ చక్రాల మాట పక్కనపెట్టి ఆ మాట వింటుంది.